1.19 ఫోనా, 0.56 ఫోనా: సార్ వాల్యూ చూసి ఫోన్ కొనొచ్చా?

"అన్నా, అమ్మకి ఫోన్ కొనాల. రెండు చూసి పెట్టుకున్నా. ఒకదానికి సైట్లో SAR 1.19 (హెడ్) అని ఉండాది, రెండోదానికి 0.56 (హెడ్, EU) అని ఉండాది. రెండోది 4 వేలు ఎక్కువ. తిలక్ రోడ్డులో షాపాయన 1.19ది రేడియేషన్ డబుల్ అబ్బయ్యా, పెద్దోళ్ళకి వద్దు అంటా ఉండాడు. మా ఇల్లు భాకరాపేట దాటినాక, సిగ్నల్ ఒక గీత, మహా అంటే రెండు. అమ్మ రోజుకి గంటన్నర మాట్లాడతాది. ఏది తీసుకోవాల?"

1.19దే తీసుకో తమ్ముడూ. మిగిలే 4 వేలతో ఏం చెయ్యాలో కింద చెప్తా. అయితే ఎందుకో తెలీకుండా కొంటే రేపు ఇంకో షాపాయన ఇంకోటి చెప్పగానే మళ్ళీ గుబులు పట్టుకుంటాది, అందుకే కాస్త ఓపిగ్గా చదువు, కొంచెం పొడుగే అవుతాది. నేను బెంగళూరులో ఒక టెస్టింగ్ ల్యాబులో ఆరేళ్ళు అచ్చంగా ఈ పనే చేసినా, ఫోన్లకి సార్ కొలిచే పని, అంటే ఫోన్ వదిలే తరంగాల్లో ఒళ్ళు ఎంత పీల్చుకుంటాదో చూసే పని. అక్కడ ఎవురూ ఎస్-ఏ-ఆర్ అని విడగొట్టి పలికేవాళ్ళు కాదు, సార్ అనే అనేవాళ్ళం. మా కన్నడ కొలీగ్ పక్క రూములోంచి "సార్ ఎష్టు బంతు?", అంటే ఎంత వచ్చింది అని అరిస్తే కొత్తగా వచ్చినోళ్ళు ఎవురో పెద్దసారు జీతం అడుగుతా ఉండాడు అనుకునేవాళ్ళు.

ముందు నీ ప్రశ్నలోనే ఒక మెలిక ఉండాది, నువ్వు గమనించినట్టు లేదు. రెండో ఫోనుకి 0.56 పక్కన EU అని ఉండాది చూడు, అంటే యూరప్ లెక్క, మొదటిదానికి అది లేదు. ఆ రెండక్షరాలతోనే ఈ పోలిక సగం చెడిపోతాది. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన రూలు ప్రకారం ఫోను 1.6 వాట్స్ పర్ కేజీ దాటకూడదు, అది ఒక గ్రాము కండ మీద సరాసరి తీసిన లెక్క. అమెరికాలోనూ అదే. యూరప్‌లో లిమిట్ 2.0, కానీ వాళ్ళు పది గ్రాముల మీద సరాసరి తీస్తారు. ఒక గ్రాము అంటే సెంటీమీటర్ పొడుగు సెంటీమీటర్ వెడల్పు ఉండే కలకండ ముక్కంత. పది గ్రాములంటే పక్కకి రెండు సెంటీమీటర్ల పైచిలుకు, చిన్న ఉసిరికాయంత.

ఇందులో తేడా ఏముందంటావా. దోసె నడిమధ్యలో మాడింది అనుకో. ఆ మాడిన రూపాయి బిళ్ళంత చోటు మాత్రమే చూసి ఎంత మాడింది అంటే ఒక లెక్క వస్తాది, చుట్టూ ఉండే తెల్ల భాగం కూడా కలిపి సరాసరి తీస్తే మాడింది తక్కువ అని వస్తాది. దోసె అదే, పెనం అదే. ఫోన్ దగ్గర కూడా కరెంటు ఫీల్డు ఒక చిన్న చోట గట్టిగా ఉండి చుట్టూ జారిపోతాది, కాబట్టి అదే ఫోనుకి ఒక గ్రాము లెక్క ఎప్పుడూ పెద్దగా, పది గ్రాముల లెక్క చిన్నగా వస్తాది. నేను కొలిచినవాటిలో ఒకటిన్నర రెట్ల నుంచి దగ్గిర దగ్గిర రెండు రెట్ల దాకా తేడా చూసినా. అంటే నీ 0.56 ఫోన్ని మన లెక్కలో కొలిస్తే 0.9 దగ్గరో 1.0 దగ్గరో ఉండే అవకాశం బాగానే ఉండాది. షాపాయన చెప్పిన "డబుల్" సగం అక్కడే ఎగిరిపోయింది. నిజంగా పోల్చాలంటే షాపులో రెండు ఫోన్లూ చేతిలో పట్టుకుని డయలర్లో `*#07#` కొట్టు, చాలా ఫోన్లలో కాల్ బటన్ నొక్కక ముందే మన దేశం వాల్యూ స్క్రీన్ మీద వస్తాది. ఆ రెండు నంబర్లు పోల్చు, సైట్లోవి కాదు.

సరే, ఆ నంబరు ఎట్ల పుడతాదో చెప్తా, అది తెలిస్తే దాన్ని ఎంత నమ్మాలో నీకే అర్థమైపోతాది.

మా ల్యాబులో ఒక పెద్ద బల్ల ఉండేది, బల్ల పైన రెండు గుంటలు, మనిషి తలని నిలువునా సగానికి కోసి ఎడమ సగం ఒక గుంట, కుడి సగం ఒక గుంట చేసినట్టు. దాన్ని సామ్ ఫాంటమ్ అంటారు, ఫైబర్ అచ్చు, అమెరికా సైన్యంలో పెద్ద తలలు ఉండే మగవాళ్ళ కొలతల మీద చేసింది. ఆ గుంటల్లో మెదడు బదులుగా ఒక ద్రవం పోస్తారు. పాత రెసిపీలో 900 మెగాహెర్ట్జ్ ద్రవంలో సగం పైన చక్కెరే, మిగిలింది నీళ్ళు, కాస్త ఉప్పు, చిక్కబడడానికి ఇంకో పొడి. అచ్చం శ్రీరామనవమి పానకమే, యాలకులు తక్కువ అంతే. మూత సరిగా వెయ్యకుండా రాత్రి ఇంటికి పోతే తెల్లారికి చీమలు, అది సరే, అసలు తలనొప్పి ఏందంటే నీళ్ళు ఆవిరైపోతాయి, ద్రవం కరెంటుని పీల్చే గుణం మారిపోతాది. అందుకని కొలత మొదలుపెట్టే ముందు ద్రవాన్నే కొలవాల, ఉండాల్సిన విలువకి 5 శాతం లోపల ఉందా లేదా అని. ఎండాకాలంలో ఏసీ ఆగిపోయినరోజు ఆ పూట కొలతలన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టిన సందర్భాలు ఉండాయి.

ఫోన్ని ఆ గుంట కింద, చెవి చెంప ఉండే చోట బయటినుంచి ఆనిస్తారు. పైనుంచి రోబో చెయ్యి ఒకటి సన్నటి పుల్లలాంటి ప్రోబ్‌ని ద్రవంలో ముంచి, కొంచెం కొంచెం జరుపుతా, ప్రతి చోటా ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఎంత ఉందో చదువుతాది. మొదట మొత్తం మీద ఒక చుట్టు, తర్వాత ఎక్కడ ఎక్కువ ఉందో అక్కడ దగ్గిరగా ఇంకో చుట్టు. లెక్క ఇంతే:

```
SAR = σ × E² / ρ
```

σ అంటే ద్రవం కరెంటుని పోనిచ్చే గుణం, 900 మెగాహెర్ట్జ్‌లో తల ద్రవానికి 0.97. ρ అంటే సాంద్రత, 1000 అనుకో. E ఫీల్డు, మీటరుకి ఇన్ని వోల్టులు. ఒక చోట 40 వోల్టులు కనపడిందనుకో, 40ని 40తో గుణిస్తే 1600, దాన్ని 0.97తో గుణించి 1000తో భాగిస్తే 1.55 వస్తాది. అంటే కేజీ కండకి సెకనుకి 1.55 జౌళ్ళ వేడి చేరుతా ఉందని అర్థం. సార్ అనేది ఇది, ఒంట్లో చేరే వేడి రేటు. ఫోన్ ఎంత "రేడియేషన్ వదుల్తాది" అనేది కాదు, వదిలినదాంట్లో తల ఎంత పీల్చుకుంటాది అనేది.

ఇప్పుడు అసలు విషయం. ఆ కొలత జరిగేటప్పుడు ఫోన్ ఎట్ల ఉంటాది? పక్కన ఒక డబ్బా ఉంటాది, టవర్ మాదిరి నటించే మిషను, అది ఫోనుకి "ఫుల్ పవర్ పెట్టు, తగ్గించొద్దు" అని చెప్తానే ఉంటాది. అట్ల ఫుల్ పవర్లో ఎడమ చెంప, కుడి చెంప, ఆనించి ఒకసారి, 15 డిగ్రీలు ఎత్తి ఒకసారి, ప్రతి బ్యాండులో అంటే ఫోన్ వాడే ప్రతి ఫ్రీక్వెన్సీ వరసలో, బ్యాండు మొదట్లో మధ్యలో చివర్లో, ఇట్లా డజన్ల కొద్దీ స్కానులు. అన్నిట్లో ఏది పెద్దదో ఆ ఒక్క నంబరే ఫోన్ అమ్మే డబ్బా మీదికి వస్తాది. మీ అమ్మ ఫోనుకి 1.19 వచ్చింది అంటే ఏదో ఒక బ్యాండులో, ఏదో ఒక చెంప మీద, ఏదో ఒక కోణంలో ఫుల్ పవర్లో 1.19 వచ్చింది అని. ఆ బ్యాండు మీ ఊరి టవర్లో అసలు లేకపోవచ్చు కూడా. మిగతా స్కానుల్లో 0.3, 0.4 వచ్చి ఉండొచ్చు, అవి ఎవురూ స్పెక్ షీట్లో రాయరు.

పైగా కొలతలో కూడా లోపం ఉంటాది. ద్రవం, ప్రోబు, ఫోన్ పట్టుకున్న కోణం, అన్నీ కలిపి 30 శాతం దాకా అటూఇటూ అని స్టాండర్డే ఒప్పుకుంటాది. అంటే 0.95 ఫోను 1.15 ఫోను కంటే మంచిది అని చెప్పే హక్కు ఆ నంబర్లకి లేదు. ఒకసారి ఒకే ఫోన్ని ఇద్దరం రెండు పూటల్లో పెట్టి కొలిస్తే తేడా వచ్చింది, హోల్డర్లో ఫోన్ మిల్లీమీటరు జరిగింది, అంతే.

ఇప్పుడు మీ ఊరికి వద్దాం. ఫోన్ నిజంగా వాడేటప్పుడు ఎప్పుడూ ఫుల్ పవర్లో ఉండదు. 4జీ ఫోన్ గరిష్ఠంగా సుమారు 200 మిల్లీవాట్లు పంపగలదు. టవర్ దగ్గిర ఉంటే అంత పంపితే అవతల గోల అయిపోతాది కాబట్టి టవరే "తగ్గించు తగ్గించు" అని ఎప్పటికప్పుడు చెప్తా ఉంటాది. దగ్గరోడితో మెల్లిగా, దూరంగా చేలో ఉండేవాడితో కేకేసి మాట్లాడినట్టు. సిగ్నల్ బాగుంటే కొన్ని మిల్లీవాట్లు, ఒక్కోసారి ఒకటి కంటే తక్కువ. సిగ్నల్ ఒక గీత ఉంటే గొంతు చించుకుంటాది.

మా పిన్ని వాళ్ళది కూడా మీ పక్కే, భాకరాపేట ఘాటు దిగినాక లోపలికి ఉండే పల్లె. పోయిన నెల పండక్కి పోయినప్పుడు ఊరికే ఉండలేక ఇల్లంతా తిరిగి చూసినా. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, దాంట్లో సిమ్ స్టేటస్, అక్కడ సిగ్నల్ స్ట్రెంత్ అని డీబీఎం నంబరు ఉంటాది, మైనస్ గుర్తుతో. మైనస్ తర్వాత నంబరు ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బాగుండాదని. మిద్దె మీద -88, అరుగు మీద -97, హాల్లో -108, వంటింట్లో -114. పిన్ని మాట్లాడేది ఎక్కడ? వంటింట్లోనే, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, కూరలో గరిటె తిప్పుతా.

ఈ డీబీ లెక్కలో ప్రతి 10కి పది రెట్లు. మిద్దెకీ వంటింటికీ 26 తేడా, అంటే 400 రెట్లు. నెట్‌వర్కు ఆ భారమంతా ఫోన్ మీదే వెయ్యదు, కొంత తానే సర్దుకుంటాది, పైగా ఫోన్ 200 మిల్లీవాట్లు దాటి అరవలేదు. అందుకని అంత కాదు, నా అంచనా పది ఇరవై రెట్లు తేడా అని పెట్టుకో. ఇప్పుడు నీ రెండు ఫోన్లూ తీసుకో. EU సంగతి పక్కన పెట్టి 0.56 నిజమే అనుకుందాం. ఆ 0.56 ఫోను వంటింట్లో ఫుల్ పవర్లో ఉంటే 0.56 మొత్తం తలకి చేరే అవకాశం ఉండాది. 1.19 ఫోన్ పట్టుకుని మిద్దె మీద మాట్లాడితే పవర్ ఇరవయ్యో వంతు అనుకో, 1.19ని 20తో భాగిస్తే 0.06. "డేంజర్" ఫోను "సేఫ్" ఫోను కంటే తొమ్మిది రెట్లు తక్కువ. పదో వంతే తగ్గింది అనుకున్నా 0.12, అప్పుడూ నాలుగు రెట్లు పైనే తక్కువ. రెండు ఫోన్ల మధ్య తేడా రెండు రెట్లు, వంటింటికీ అరుగుకీ మధ్య తేడా అంతకంటే ఎక్కువ. నాలుగు వేలు పెట్టి కొనేది చిన్న తేడా, నాలుగడుగులు వేస్తే వచ్చేది పెద్ద తేడా.

ఇంకో సంగతి, దీన్ని షాపుల్లో ఎవురూ చెప్పరు. సార్ తక్కువ రావడానికి కంపెనీలు చేసే పనులు ఉండాయి. ఒకటి యాంటెన్నాని ఫోన్ కింది భాగంలో, గడ్డం దగ్గర పెట్టడం, తలకి దూరం కాబట్టి హెడ్ నంబరు తగ్గుతాది. కానీ మనం ఫోన్ పట్టుకునేది అక్కడే, అరచెయ్యి యాంటెన్నాని కప్పేస్తాది, ఫోన్ ఇంకాస్త గట్టిగా అరవాల్సి వస్తాది. రెండోది ఏందంటే, ఇయర్‌పీసులో సౌండ్ మొదలైంది, ముందు సెన్సారుకి చెంప తగిలింది అంటే ఫోన్ చెవి దగ్గిర ఉండాది అని కనిపెట్టి సాఫ్ట్‌వేరే ఆ సమయానికి గరిష్ఠ పవర్ తగ్గించేస్తాది. తప్పేం కాదు, రూలు ప్రకారమే. కానీ ఒక గీత సిగ్నల్ ఉండే ఇంట్లో దాని ఫలితం ఏందో తెలుసా, చెవి దగ్గిర పెట్టుకోగానే "హలో... హలో... వినపడ్తా ఉందా" అని కట్ అవుతాది, స్పీకర్లో పెడితే మాత్రం బాగా పలుకుతాది. ఇట్లాంటి కంప్లైంటుతో నా దగ్గరికే రెండు ఫోన్లు వచ్చినాయి, మైకు పోయింది అనుకుని మార్పించేసినోళ్ళు కూడా ఉండారు. సార్ తక్కువ ఉన్న ప్రతి ఫోనూ ఇట్లే చేస్తాది అనడం లేదు, తక్కువ నంబరు ఊరికే రాదు అని చెప్తా ఉండా అంతే.

సాఫ్ట్‌వేరు మీద ఎంత ఆధారపడి ఉంటాదో చెప్పడానికి ఐఫోన్ 12 కథ ఒకటి చాలు. 2023 సెప్టెంబర్లో ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ఒకటి, ఫ్రీక్వెన్సీలు చూసుకునే ANFR, దాన్ని చేతిలో పట్టుకున్నట్టు, జేబులో పెట్టుకున్నట్టు ఆనించి కొలిస్తే 5.74 వచ్చింది, కాళ్ళూ చేతులకి యూరప్ లిమిట్ 4.0. అమ్మకాలు ఆపమన్నారు. హార్డ్‌వేర్లో ఒక్క స్క్రూ కూడా మార్చలేదు, ఒక అప్‌డేట్ పంపినారు, సమస్య తీరిపోయింది. ఫోన్ ఒంటి మీద లేదు, టేబుల్ మీద కదలకుండా ఉండాది అని తెలిసినప్పుడు కాస్త పవర్ ఎక్కువ వాడుకునే ఏర్పాటు దాంట్లో ఉండింది, టెస్టు పద్ధతి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఆ ఏర్పాటుని తీసేసినారు. ఫోన్ అదే, నంబరు మారింది.

ఫోన్ చెవి దగ్గర కాకుండా ఒంటి దగ్గర ఉన్నప్పటి లెక్క, బాడీ వాల్యూ, దాని గురించి ఒక్కమాట. షీట్లో బాడీ 0.98 అని ఉంటే పక్కన ఎక్కడో చిన్న అక్షరాల్లో 5 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు, పాత ఫోన్లలో 15 అని ఉంటాది. అంత ఎడం పెట్టి కొలిచినారు అని. ఎడం వేరే వేరే ఉన్న రెండు బాడీ నంబర్లని పోల్చడం శుద్ధ దండగ.

మరి 1.6 అనే లిమిట్ ఎక్కడినుంచి వచ్చింది, అది దాటకపోతే చాలా? దీని వెనక కథ జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఉండాది. ఒళ్ళు మొత్తం మీద సరాసరి కేజీకి 4 వాట్లు దగ్గర ఒంటి వేడి సుమారు ఒక డిగ్రీ పెరిగి, జంతువులు నేర్చుకున్న పని మానేసి తేడాగా ప్రవర్తించడం కనపడింది. దాన్ని 50తో భాగించి 0.08 అని జనానికి లిమిట్ పెట్టినారు, ఒళ్ళంతటికీ సరాసరిగా. ఫోన్ మాదిరిగా ఒకే చోట తగిలేదానికి ఆ చిన్న చోట మాత్రం దాని 20 రెట్లు పోనిచ్చినారు, 0.08 ఇంటూ 20, అదే 1.6. అంటే అది గోడ లాంటిది కాదు, 1.59 అయితే అమృతం 1.61 అయితే విషం అని కాదు, చాలా వెనకనే గీసిన గీత.

వేడి ఎంతో నువ్వే లెక్క వేసుకో. సరిగ్గా 1.6 దగ్గర ఆరు నిమిషాలు మాట్లాడినావు అనుకో, 360 సెకన్లు. కేజీకి 1.6 ఇంటూ 360, 576 జౌళ్ళు. ఒక కేజీ కండని ఒక డిగ్రీ వేడి చెయ్యాలంటే సుమారు 3500 జౌళ్ళు కావాల. అంటే 0.16 డిగ్రీ, అదీ రక్తం ఆగిపోయి, వేడి ఎక్కడికీ పోకుండా ఉంటేనే. రక్తం పారతా ఉంటాది కాబట్టి నిజంగా ఇంకా తక్కువ. "మాట్లాడితే చెవి కాలిపోతాది అన్నా" అంటారే, అది చాలామటుకు బ్యాటరీ, ప్రాసెసర్ వేడి, పైగా చెవికి గాలి తగలకుండా గాజుపలక అడ్డం పెట్టుకున్నందుకు. ఆఫ్ చేసిన ఫోన్ పావుగంట చెవికి ఆనించి చూడు, అప్పుడు కూడా చెవి వెచ్చబడతాది.

క్యాన్సర్ మాట కూడా షాపాయన అని ఉంటాడు, అనకుండా ఉండరు. 2011లో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ విభాగం ఐఏఆర్సీ ఈ తరంగాలని "బహుశా కావచ్చు" అనే 2బి గుంపులో వేసింది, అంటే ఆధారం కొంచెమే ఉండాది, కొట్టిపారెయ్యలేము అని. అందరూ పట్టుకుని తిరిగేది ఆ ఒక్క వార్తనే. 2024లో డబ్ల్యూహెచ్ఓనే చేయించిన పెద్ద సమీక్ష ఒకటి వచ్చింది, అప్పటిదాకా మనుషుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదు, పదేళ్ళు పైన వాడినోళ్ళలో కూడా. ఇది తెలిసి కూడా నేను మా అమ్మకి గంటన్నర చెవికి ఆనించుకోవద్దు అనే చెప్తా, ఎందుకంటే తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. కానీ దానికోసం 4 వేలు ఎక్కువ పెట్టనివ్వను.

ఇంక ఆ 4 వేలు. ముందు 1.19 ఫోను స్పెక్ షీట్లో 4జీ బ్యాండ్ల లిస్టు చూడు. B5, B8 అని ఉండాయా? 850, 900 మెగాహెర్ట్జ్ అన్నమాట. పల్లెల్లో దూరంనుంచి వచ్చి గోడల్లోకి దూరేవి అవే, B40 అంటే 2300, అది ఘాటు పక్క గుట్ట అడ్డం వస్తే సచ్చిపోతాది. మీ అమ్మ సిమ్ము వాళ్ళకి మీ ఊర్లో ఏ బ్యాండు ఉందో, ఆ బ్యాండు ఫోన్లో ఉండాల. లేకపోతే సార్ సంగతి దేవుడెరుగు, ఫోనే పలకదు. 0.56 దాంట్లో ఉండి దీంట్లో లేకపోతే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటా, 0.56 దే కొను, కానీ కారణం బ్యాండు, సార్ కాదు.

రెండోది, మీ ఊరికి కేబులాయన ఫైబర్ నెట్ ఇస్తా ఉంటే వేయించు. ఫోన్లో వైఫై కాలింగ్ ఉందో లేదో చూసి ఆన్ చెయ్యి. అప్పుడు ఫోన్ పది కిలోమీటర్ల అవతలి టవర్‌తో కాదు, పక్క గదిలో రూటర్‌తో మాట్లాడతాది, పవర్ కూడా ఆ లెక్కలోనే ఉంటాది, మాట కూడా కట్ కాదు. 4 వేలు కొన్ని నెలల నెట్ బిల్లుకి వస్తాది. సిగ్నల్ ఒక గీత ఉండే ఇంటికి దీన్ని మించింది లేదు.

నెట్ రాదు అంటే వైరు ఇయర్‌ఫోన్ ఒకటి, మూడు నాలుగు వందల్లో మంచిదే వస్తాది, ఫోన్ గట్టు మీద పెట్టి మాట్లాడమను. తలకీ ఫోనుకీ మధ్య జానెడు ఎడం వచ్చినా తలకి చేరేది బాగా పడిపోతాది. అమ్మలు ఇయర్‌ఫోన్ పెట్టుకోరు, తెలుసు, మా అమ్మ "చెవుల్లో పుల్లలు పెట్టినట్టు ఉండాది" అంటాది. స్పీకర్ అయినా సరే, ఊరంతా వింటారు అనేది వేరే సమస్య.

ఒక పని మాత్రం చెయ్యొద్దు. ఫోన్ కొనగానే షాపాయన వెనక అతికించే బంగారు రంగు "యాంటీ రేడియేషన్" చిప్ స్టిక్కర్ చూపిస్తాడు, రెండొందలో మూడొందలో అంటాడు. మా ల్యాబులో ఊరికే సరదాకి అట్లాంటిది ఒకటి అతికించి, అతికించకుండా, రెండు స్కానులు చేసినాం. తేడా మా కొలత లోపం లోపలే ఉండింది, అంటే ఏం లేదని. నిజంగా సిగ్నల్ని అడ్డుకునే రేకు ఏదైనా ఉంటే అది ఇంకా ఘోరం, అడ్డం తగిలేకొద్దీ ఫోన్ ఇంకా గట్టిగా అరుస్తాది, బ్యాటరీ మధ్యాన్నానికే అయిపోతాది. మెటల్ బ్యాక్ కేసులు కూడా అంతే, మామూలు రబ్బరు కవరే వెయ్యి.

ఫోన్ తీసుకునిపోయినాక అమ్మ ఎక్కడ కూర్చుని మాట్లాడతాదో ఆ చోట, అరుగు మీద, మిద్దె మీద, ఈ మూడు చోట్లా డీబీఎం చూసి ఇక్కడ రాయి, ఏ కంపెనీ సిమ్మో కూడా రాయి. వంటింట్లో -110 దాటి ఉంటే సిమ్ము మార్చడమే మేలో, కుర్చీ మార్చడం చాలో అప్పుడు చెప్తా.